కెప్టెన్ కావలెను: ప్రకటనలో ఏం రాయాలి, ఏం రాయకూడదు
(కర్నూలులో హోటల్ యజమానులు, మేనేజర్ల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మధ్యాహ్నం రష్ అయిపోయాక, సాయంత్రం దీపాలు వేసే లోపల మీకు దొరికే రెండు గంటలు ఇక్కడ పెట్టారు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా ఒక ప్రకటన చదివేస్తాను. ఎవరిదో ఒక్కరిది కాదు లెండి. అద్దాల తలుపుల మీద, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే నాలుగైదింటిని కలిపి కుట్టాను.

"రెస్టారెంట్ కెప్టెన్ కావలెను. పురుషులు మాత్రమే. వయసు 22 నుంచి 28. చూడచక్కని రూపం. 3 నుంచి 5 ఏళ్ల అనుభవం. హోటల్ మేనేజ్‌మెంట్ డిగ్రీ తప్పనిసరి. ఇంగ్లీష్, హిందీ, తెలుగు, కన్నడ అనర్గళంగా మాట్లాడాలి. ఒత్తిడిలో పని చేయగలగాలి. పని వేళలు రెస్టారెంట్ అవసరాన్ని బట్టి. ఆకర్షణీయమైన జీతం. వెంటనే చేరాలి."

నవ్వుతున్నారు కానీ, ఇందులో సగం వాక్యాలు మనందరి ప్రకటనల్లోనూ ఉన్నాయి. ఇది చదివి ఫోన్ చేసేది ఎవరు? ఇప్పుడు ఏ పనీ లేనివాడు, ఎక్కడా నిలవనివాడు. మనకు కావలసినవాడు వేరే చోట ఉన్నాడు. ఒకడు ఇదే ఊళ్లో ఇంకో హోటల్లో రెండేళ్లుగా సర్వర్‌గా చేస్తున్నాడు. ఆ పక్క కెప్టెన్ సెలవు పెట్టిన రోజు ఆయన టేబుళ్లన్నీ తనే నడిపిస్తున్నాడు, కానీ పేరు మాత్రం సర్వరే. ఇంకొకడు మన ఎమ్మిగనూరు వాడో, డోన్ వాడో, బెంగుళూరులో కెప్టెన్. ఇంటి దగ్గర అమ్మానాన్న పెద్దవాళ్లయ్యారు, తిరిగి రావాలని ఉంది. ఇద్దరూ ప్రకటన చదివేది బ్రేక్‌లో, ఫోన్‌లో, పడుకుని. ఇద్దరికీ ఉన్న ఉద్యోగం వదలడమంటే భయం. ప్రకటనలో ఏ విషయం దాచినా, వాళ్లు దాన్ని చెడ్డదిగానే లెక్కేసుకుంటారు. "వేళలు అవసరాన్ని బట్టి" అంటే "రాత్రి ఒంటిగంట దాకా" అని, "ఆకర్షణీయమైన జీతం" అంటే "చెప్పుకోలేనంత తక్కువ" అని చదువుకుంటారు.

కాబట్టి ఒక రెస్టారెంట్‌ను ఉదాహరణగా పెట్టుకుని, దాని ప్రకటన మొదటి నుంచి రాద్దాం. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన, కర్నూలు ఊరి అంచున ఉన్న ఫ్యామిలీ రెస్టారెంట్ అనుకోండి. వెజ్, నాన్‌వెజ్ రెండూ ఉన్నాయి. 24 టేబుళ్లు, ఒక మేనేజర్, ముగ్గురు కెప్టెన్లు, తొమ్మిది మంది సర్వర్లు. వంటింట్లో ఉన్నవాళ్లు వేరే. ఇప్పుడు ఒక కెప్టెన్ స్థానం ఖాళీ.

ముందు విధుల సంగతి. మామూలుగా మనం రెండు రకాలుగా చెడగొడతాం. ఒకటి, "ఫ్లోర్ బాధ్యతలన్నీ చూసుకోవాలి" అని ఒక్క ముక్కలో తేల్చేయడం. రెండోది, ఏదో వెబ్‌సైట్ నుంచి ఇరవై లైన్లు తెచ్చి అతికించడం. అందులో స్టాక్ తీయడం, కొత్తవాళ్లకు శిక్షణ, బాంక్వెట్, మార్కెటింగ్ అన్నీ ఉంటాయి. మొదటిది చదివినవాడికి ఇది సర్వర్ పనో, మేనేజర్ పనో తెలియదు. రెండోది చదివిన మంచి సర్వర్ "ఇందులో సగం నాకు రాదు" అని పక్కన పెడతాడు. విచిత్రమేమిటంటే, ఏమీ రానివాడు మాత్రం ఆ ఇరవై లైన్లకూ భయపడడు. అప్లై చేసేస్తాడు.

విధులు రాయాలంటే ఒక బిజీ సాయంత్రం ఆ మనిషి కాళ్లు ఎటు నడుస్తాయో చూసి రాయండి. మన ఉదాహరణలో కెప్టెన్ వచ్చీ రాగానే చేసేది బ్రీఫింగ్. వంటింట్లో ఈ పూట ఏది లేదు, ఏది ఎక్కువ ఉంది అని షెఫ్‌ను అడిగి తన ముగ్గురు సర్వర్లకు చెబుతాడు. నాటుకోడి పులుసు నాలుగు ప్లేట్లే ఉందంటే, ఆ ముక్క టేబుల్ దగ్గరికి పోకముందే సర్వర్లకు తెలియాలి. తర్వాత తన టేబుళ్లకు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఆర్డర్ తీసుకుని, మళ్లీ చదివి వినిపించి, వంటింటికి పోయే ఆర్డర్ చీటీ, అదే కేఓటీ, కొడతాడు. ప్లేటు టేబుల్‌కి పోయే ముందు చూస్తాడు. రాగి సంగటి చల్లారిందా, జొన్నరొట్టెతో పాటు ఊరిబిండి వచ్చిందా, ఐదుగురు కూర్చున్నచోట నాలుగే ప్లేట్లు వచ్చాయా అని. ఫిర్యాదు వస్తే ముందు వినేది ఆయనే. చివర్లో బిల్లు సరిచూసి ఇస్తాడు.

ఇవి ఐదారు వాక్యాలు. ప్రకటనలో అంతే ఉండాలి. కానీ ప్రతి పనికీ ఒక హద్దు కూడా రాయాలి, ఎందుకంటే భయం పుట్టేది హద్దు తెలియని చోటే. ఎన్ని టేబుళ్లు? మన రెస్టారెంట్‌లో ముగ్గురు ఉన్న రోజు మనిషికి 8 టేబుళ్లు. ఒకరికి ఆఫ్ ఉన్న రోజు ఇద్దరే కనుక 12. ఈ 12 అంకె రాయడానికి చాలామంది జంకుతారు. రాయండి. అనుభవమున్నవాడు 12 టేబుళ్లు చూసి భయపడడు. 8 అని చెప్పి 12 ఇస్తేనే తిడతాడు.

ఫిర్యాదు విషయంలో హద్దు అంటే అధికారం. "కస్టమర్ ఫిర్యాదులు పరిష్కరించాలి" అని రాస్తే బరువు మాత్రమే కనిపిస్తుంది. "రూ.400 లోపు ఐటమ్‌ను మేనేజర్‌ను అడగకుండానే మార్చి ఇవ్వచ్చు, లేదా బిల్లులో తీసేయచ్చు" అని రాస్తే, ఈ హోటల్లో కెప్టెన్ మాటకు విలువ ఉంది అని తెలుస్తుంది. ఆ 400 మీ మెనూను బట్టి మీరు పెట్టుకోండి. మీ మెనూలో ఖరీదైన మెయిన్ కోర్స్ ధర దగ్గర పెడితే సరిపోతుంది. అయితే నిజంగా ఇవ్వాలి. ప్రకటనలో రాసి, చేరిన వారానికే "నన్నడక్కుండా ఎట్ల తీసేసినావప్పా" అంటే ఆ మనిషి పోతాడు.

క్యాష్ గురించి తప్పకుండా ఒక లైన్ ఉండాలి. కెప్టెన్లు ఉద్యోగం మారడానికి మన రంగంలో పెద్ద కారణాల్లో ఒకటి షార్టేజ్ కోత. బిల్లు కట్టకుండా ఎవరో వెళ్లిపోతే, గ్లాసు పగిలితే, కౌంటర్‌లో తక్కువ వస్తే కెప్టెన్ జీతంలో కోస్తారు. మీరు కోయకపోతే ఆ మాట ప్రకటనలోనే చెప్పండి: "క్యాష్ కౌంటర్ మీ బాధ్యత కాదు. పగిలిన సామానుకు, కట్టని బిల్లుకు జీతంలో కోత లేదు." ఇది రాయడానికి ఖర్చు లేదు, దీని వల్ల వచ్చే ఫోన్లు వేరే. కోసేవాళ్లయితే మాత్రం ఆ అలవాటు మానుకున్నాక ప్రకటన రాయండి.

చేయాల్సిన చిన్న పని కూడా దాచొద్దు. రష్‌లో కెప్టెన్ కూడా ప్లేట్లు తీస్తాడు, టేబుల్ తుడుస్తాడు. కెప్టెన్ అయ్యాక అది చేయక్కర్లేదని అనుకునేవాళ్లు ఉన్నారు. "రష్ వేళ టేబుల్ సర్దడంలో మీరూ చెయ్యి వెయ్యాలి" అని ఒక్క మాట ఉంటే, దానికి ఇష్టం లేనివాడు ఇక్కడిదాకా రాడు. మంచివాళ్లు దానికి భయపడరు.

ఇక షిఫ్ట్. మన దగ్గర గొడవంతా బ్రేక్ షిఫ్ట్‌తోనే. మధ్యాహ్నం ఒక ముక్క, రాత్రి ఒక ముక్క, మధ్యలో మూడు గంటలు ఖాళీ. చాలా ప్రకటనల్లో దీన్ని "8 గంటల డ్యూటీ" అని రాసి వదిలేస్తారు. అబద్ధం కాదు, కానీ చదివేవాడు ఉదయం 10 నుంచి సాయంత్రం 6 అనుకుంటాడు. చేరిన మొదటి రోజు నిజం తెలుస్తుంది, మొదటి జీతం తీసుకుని వెళ్లిపోతాడు.

మన ఉదాహరణలో వేళలు ఇవీ. మధ్యాహ్నం 11:30 నుంచి 3:30. సాయంత్రం 6:30 నుంచి 10:30. మొత్తం 8 గంటలు. వారానికి ఆరు రోజులకు 48 అవుతాయి, చట్టం పెట్టిన వారపు హద్దు కూడా అదే. దాటిన గంటలకు రెట్టింపు రేటు ఇవ్వాలి. కానీ 10:30కి అన్ని టేబుళ్లూ లేవవు కదా. హైవే మీద హైదరాబాద్ నుంచి బెంగుళూరు పోయే కుటుంబం రాత్రి 10:20కి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ముగ్గురినీ ఆపి ఉంచేదే మన పాత పద్ధతి. దానికి బదులు రోజుకొక కెప్టెన్‌ను క్లోజింగ్‌కు పెట్టండి. ఆయన 11:30 వరకు ఉంటాడు, తర్వాత డ్యూటీ రోజు మధ్యాహ్నం 12:30కి వస్తాడు. గంట ఎక్కువ, గంట తక్కువ, వారం లెక్క 48 దగ్గరే ఉంటుంది. ముగ్గురు కెప్టెన్లకు ఏడు రాత్రులు పంచితే మనిషికి వారానికి రెండు క్లోజింగ్‌లు, మూడు వారాల్లో ఒక వారం మాత్రం మూడు. ఇదంతా ప్రకటనలో రెండు లైన్లలో పడుతుంది.

వీక్లీ ఆఫ్ ఏ రోజో కూడా చెప్పండి. "వారానికి ఒక సెలవు" అంటే ఏ వారమైనా మార్చేస్తారని వాళ్లకు తెలుసు. మన రెస్టారెంట్‌కు శుక్ర, శని, ఆదివారాలు ఎట్లాగూ ఇవ్వలేం. కర్నూలులో గురువారం కూడా కష్టమే. మంత్రాలయం పోయొచ్చే జనం గురువారం ఎక్కువ, ఆ దారుల్లో ఉన్న హోటళ్లన్నిటికీ అది తెలుసు. కనుక సోమ, మంగళ, బుధవారాల్లో ఒక్కొక్కరికి ఒక రోజు, అదీ స్థిరంగా. ఆ మూడు రోజుల్లోనే మనిషికి 12 టేబుళ్లు. విధుల్లో రాసిన అంకె ఇక్కడ కలిసింది చూడండి, చదివేవాడు కూడా ఇట్లాగే కలుపుకుని చూస్తాడు. రంజాన్ నెలలో సాయంత్రం వేళలు మారతాయంటే ఆ మాటా చెప్పండి. అందులో భయపెట్టేదేమీ లేదు, ముందే తెలిస్తే ఇంట్లో సర్దుకుంటారు.

ఆ మధ్యలో ఉన్న మూడు గంటల గురించి మాత్రం కొంచెం ఆగి ఆలోచించాలి. ఊళ్లోనే ఇల్లున్నవాడు ఇంటికి పోయి పడుకుంటాడు. ఓర్వకల్లు నుంచి, వెల్దుర్తి నుంచి వచ్చేవాడికి పోయి రావడానికే టైం సరిపోదు. ఖాళీ టేబుల్ మీద తల పెట్టి పడుకుంటాడు, అక్కడ సీసీ కెమెరా చూసి యజమాని అరుస్తాడు. మీ దగ్గర ఫ్యానున్న గది, నాలుగు పరుపులు, లాకర్ ఉంటే "బ్రేక్‌లో పడుకోవడానికి గది ఉంది" అని రాయండి. పది కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు మీ ప్రకటనలో అన్నిటికన్నా పనికొచ్చే వాక్యం అదే కావచ్చు. గది లేకపోతే లేదని రాయక్కర్లేదు. కానీ ఫోన్‌లో అడిగినప్పుడు నిజం చెప్పాలి.

ఒకరు చెయ్యి ఎత్తారు... అవునండీ, "ఇవన్నీ రాస్తే, చదివి పారిపోరా?" అని అడుగుతున్నారు. కొందరు పోతారు. పోవాల్సినవాళ్లే పోతారు. బ్రేక్ షిఫ్ట్ పడనివాడు ప్రకటన దగ్గరే ఆగిపోవడం మీకు లాభం, ఎందుకంటే వాడు చేరి పదిరోజుల్లో పోతే మీరు మళ్లీ మొదటికొస్తారు, ఈలోపు మిగిలిన ఇద్దరు కెప్టెన్లూ ఆఫ్‌లు లేకుండా అలిసిపోతారు. మనం చూడాల్సింది, ఉండేవాడు భయపడకూడదు అని. వాడిని భయపెట్టేది వేళలు కాదు, వేళలు తెలియకపోవడం.

ఇప్పుడు భాషలు. ఎక్కువ మంది మంచివాళ్లను పోగొట్టుకునేది ఈ లైన్ దగ్గరే. "నాలుగు భాషలు అనర్గళంగా" అని రాసినప్పుడు ఎవరు ఆగిపోతారో చూడండి. కర్నూలు పాతబస్తీలో పుట్టి పెరిగిన కుర్రాడికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఏ ఉత్తరాది అతిథి వచ్చినా హిందీలో ఇబ్బంది లేకుండా మాట్లాడతాడు. ఆదోని కుర్రాడికి కన్నడ వినీ వినీ అలవాటే. వాళ్లిద్దరూ "అనర్గళంగా ఇంగ్లీష్" చదివి, నాది కాదులే అనుకుంటారు. నిజానికి మన 24 టేబుళ్లలో ఒక పూట ఎంతమంది అతిథులతో ఇంగ్లీష్‌లో పూర్తి సంభాషణ చేయాల్సి వస్తుందో ఒక వారం లెక్క పెట్టి చూడండి. ఇంగ్లీష్ ఎక్కువ కావలసింది మాట్లాడటానికి కాదు, చదవడానికి.

ఎట్లాగంటే, మెనూ ఇంగ్లీష్‌లో ఉంది. బిల్లింగ్ మిషన్ తెర మీద బటన్లు ఇంగ్లీష్‌లో ఉన్నాయి. మంత్రాలయం పోయే కుటుంబం కూర్చుని, ఉల్లి వెల్లుల్లి లేకుండా రెండు కూరలు కావాలంటారు. కెప్టెన్ చక్కగా విన్నాడు, చక్కగా తలూపాడు. కానీ తెర మీద No Onion, No Garlic అనే బటన్ ఎక్కడుందో చదవలేక, మామూలు ఐటమ్ కొట్టేశాడు. వంటింట్లో ప్రింటయిన కేఓటీలో ఆ మాట లేదు. ప్లేటు వెనక్కి వచ్చింది. వంటవాడు కేఓటీ చూపిస్తాడు, కెప్టెన్ తను చెప్పానంటాడు. ఇది మాట్లాడే ఇంగ్లీష్ లోపం కాదు, పది పన్నెండు పదాలు చదవడంలో లోపం. ఆ పదాలు వారంలో నేర్పచ్చు. అలాంటప్పుడు "అనర్గళంగా" అనే గోడ ఎందుకు కట్టడం?

అందుకని భాష పేరు పక్కన ఆ భాషతో చేయాల్సిన పనిని రాయండి. తెలుగు: మాట్లాడాలి, చదవాలి, రాయాలి, సర్వర్ల డ్యూటీ చార్ట్ తెలుగులోనే ఉంటుంది కాబట్టి. హిందీ లేదా ఉర్దూ: ఆర్డర్ తీసుకుని, తిరిగి చెప్పి, కారం ఎంతుంటుందో వివరించగలగాలి. ఇక్కడ "లేదా" ముఖ్యం. హిందీ అని మాత్రమే రాస్తే, ఉర్దూ మాట్లాడేవాళ్లలో కొందరు తమకు హిందీ చదవడం రాదు కదా అని వెనక్కి తగ్గుతారు. మనకు చదవడం అక్కర్లేదు. ఇంగ్లీష్: మెనూ, బిల్లింగ్ తెర చదవగలగాలి, మాట్లాడటం రాకపోతే మొదటి నెల నేర్పిస్తాం. కన్నడ: వస్తే నెలకు వెయ్యి రూపాయలు అదనం, రాకపోతే ఇబ్బంది లేదు.

ఆ వెయ్యి ఎందుకంటారా? నిజంగా అవసరమైన భాషకు డబ్బు పెట్టడం నిజాయితీ. "కన్నడ తెలిసినవారికి ప్రాధాన్యం" అని ఊరికే రాస్తే, అది ఉంటేనే ఉద్యోగమేమో అని రానివాళ్లు తప్పుకుంటారు. అదనపు భత్యం అని రాస్తే, రాకపోయినా ఉద్యోగం ఉంది అని అర్థమవుతుంది.

భాష లైన్ రాశాక, ఇంటర్వ్యూలో పరీక్ష కూడా అదే లైన్ మీద పెట్టాలి. "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అని ఇంగ్లీష్‌లో మొదలుపెడితే ప్రకటన అబద్ధమైపోతుంది. పది నిమిషాలు చాలు. మన మేనేజర్, ఇద్దరు సర్వర్లు టేబుల్ దగ్గర కూర్చోవాలి, హిందీలో ఐదుగురికి ఆర్డర్ చెప్పాలి. ఒకరికి గుడ్డు వద్దు, ఒకరికి కారం తక్కువ, మధ్యలో ఒక ఐటమ్ మార్చాలి. ఆయన రాసుకుని తిరిగి చెప్పాలి. తర్వాత బిల్లింగ్ తెర ముందు నిలబెట్టి ఆ ఆర్డర్ కొట్టమనండి. బటన్ వెతకడానికి తడబడితే తప్పు లేదు. తిరిగి చెప్పేటప్పుడు "గుడ్డు వద్దు" మర్చిపోయాడా లేదా అనేది చూడండి.

జీతం గురించి క్లుప్తంగా చెబుతాను. అంకె రాయండి, అంతే. మన ఉదాహరణలో 18,000 నుంచి 20,000 అనుకుందాం. ఇది నేను వేసుకున్న అంకె, మీ ఊరి రేటు మీరు వేసుకోండి. దాని కింద చేతికి ఎంతొస్తుందో కూడా రాయండి. పీఎఫ్ 15,000 మీద 12 శాతం అంటే 1,800. ఈఎస్‌ఐ ఉద్యోగి వాటా 0.75 శాతం. వృత్తి పన్ను ఈ జీతానికి 150. ఇవి పోగా 18,000కు చేతికి దగ్గర దగ్గర 15,900, 20,000కు 17,900 వస్తుంది. 20,000 వాళ్లకు కన్నడ వెయ్యి కలిపినా ఈఎస్‌ఐ హద్దు 21,000 దాటదు. చేతికొచ్చేది ముందే చెప్పకపోతే మొదటి జీతం రోజు "రెండు వేలు ఎక్కడ పోయాయి" అనే మాట వస్తుంది. టిప్స్ ఎట్లా పంచుతారో ఒక లైన్ కలపండి: వారానికోసారా, రోజూనా, వంటింటికి వాటా ఉందా అని.

మిగిలిన షరతుల్లో కొన్నిటిని కొట్టేయడమే పని. "పురుషులు మాత్రమే" తీసేయండి. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు ఆడ, మగ తేడా చూపకూడదని 1976 సమాన వేతన చట్టంలోనే ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. రాత్రి 10:30 తర్వాత ఇంటికి బండి పంపగలిగితే ఆ మాట రాయండి, ఆడపిల్లలు చూసే మొదటి లైన్ అదే. వయసు తీసేయండి. 35 ఏళ్ల కెప్టెన్‌కు వచ్చే ఓపిక 23 ఏళ్లవాడికి ఉండకపోవచ్చు. "చూడచక్కని రూపం" బదులు మీకు నిజంగా కావలసింది రాయండి: గోళ్లు కత్తిరించుకుని, నల్ల బూట్లు వేసుకుని రావాలి, యూనిఫాం రెండు జతలు మేమిస్తాం అని. వైద్య పరీక్ష ఎట్లాగూ తప్పదు, ఆహారం ముట్టుకునే సిబ్బందికి ఏడాదికోసారి చేయించాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ఆ ఖర్చు మీదే అని రాస్తే మర్యాదగా ఉంటుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ బీరువాలో పెట్టుకునే అలవాటుంటే వదిలేయండి. ఆ మాట ఒకచోట వినబడితే ఊరంతా వినబడుతుంది. "వెంటనే చేరాలి" కూడా వద్దు. పని చేసుకుంటున్న మంచి మనిషి పాత యజమానికి చెప్పి రావాలి. చెప్పకుండా వచ్చేవాడు రేపు మీకూ చెప్పకుండానే పోతాడు.

ఇప్పుడు మొత్తం కలిపి చదువుతాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

"రెస్టారెంట్ కెప్టెన్ కావాలి. కర్నూలు, హైవే పక్కన 24 టేబుళ్ల ఫ్యామిలీ రెస్టారెంట్. జీతం 18,000–20,000, కోతలు పోగా చేతికి 15,900–17,900. టిప్స్ వేరే, ప్రతి సోమవారం పంచుతాం. రెండు పూటలా భోజనం.

వేళలు: 11:30–3:30, 6:30–10:30. వారానికి రెండు లేక మూడు రాత్రులు క్లోజింగ్ 11:30 వరకు, తర్వాత డ్యూటీ రోజు 12:30కి వస్తే చాలు. సోమ, మంగళ, బుధవారాల్లో ఒక రోజు స్థిరమైన సెలవు. బ్రేక్‌లో పడుకోవడానికి గది, లాకర్ ఉన్నాయి. రంజాన్ నెలలో సాయంత్రం వేళలు మారతాయి.

పని: 8 టేబుళ్లు, సోమ నుంచి బుధ వరకు 12. ముగ్గురు సర్వర్లు మీ కింద, మీరు మేనేజర్ కింద. షిఫ్ట్ మొదట్లో బ్రీఫింగ్, ఆర్డర్ తీసుకోవడం, ప్లేటు చూసి పంపడం, ఫిర్యాదు వినడం, బిల్లు సరిచూడటం. రూ.400 లోపు ఐటమ్ మార్చే అధికారం మీదే. రష్‌లో టేబుల్ సర్దడంలో మీరూ చెయ్యి వెయ్యాలి. క్యాష్ కౌంటర్ మీది కాదు, జీతంలో షార్టేజ్ కోత లేదు.

భాషలు: తెలుగు మాట్లాడాలి, చదవాలి, రాయాలి. హిందీ లేదా ఉర్దూలో ఆర్డర్ తీసుకోగలగాలి. ఇంగ్లీష్ మెనూ చదవగలిగితే చాలు, మాట్లాడటం నేర్పిస్తాం. కన్నడ వస్తే నెలకు 1,000 అదనం.

సర్వర్‌గా రెండేళ్లు చేసినవారు కూడా రావచ్చు. డిగ్రీ అక్కర్లేదు. ఆడవారైనా, మగవారైనా. నెల రోజులు ఆగగలం. ఫోన్ చేయాల్సిన వేళ: సాయంత్రం 4 నుంచి 6."

చివరి లైన్ ఊరికే పెట్టలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోన్ చేస్తే మీ మేనేజర్ చికాకుగా మాట్లాడతాడు, వాళ్లూ డ్యూటీలోనే ఉంటారు. వాళ్ల బ్రేక్ టైమే మీ ఫోన్ టైం కావాలి.

వాట్సాప్‌లో పెట్టేటప్పుడు బొమ్మగా కాదు, టెక్స్ట్‌గా పెట్టండి. బొమ్మలో ఉన్న నంబరును నొక్కి ఫోన్ చేయలేరు. పొడుగు మెసేజ్ మొదట కొంతే కనబడుతుంది, మిగతాది చదవాలంటే Read more నొక్కాలి. అందుకే ఊరు, జీతం, వేళలు మొదట్లో పెట్టాం. పత్రికలో వర్గీకృత ప్రకటనకు అంత చోటు ఉండదు. అక్కడ ఊరు, జీతం, రెండు పూటల వేళలు, "హిందీ లేదా ఉర్దూ", ఫోన్ నంబరు, పూర్తి వివరాలు వాట్సాప్‌లో పంపుతాం అని రాస్తే చాలు. తలుపు మీద అంటించేది తెలుగులోనే పెద్ద అక్షరాలతో ఉండాలి. మీ దగ్గరికి భోజనానికి వచ్చే వేరే హోటల్ సర్వర్ అది చూస్తాడు.

ప్రకటన పోయాక ఎక్కడ తెగుతోందో గమనించండి. అసలు ఫోన్లే రాకపోతే జీతం లైన్‌లోనో, అర్హతల్లోనో తేడా ఉంది, ఎక్కువ అడిగాం లేదా తక్కువ ఇస్తామన్నాం. ఫోన్లు వచ్చి, అందరూ ఒకే ప్రశ్న అడుగుతుంటే, "రూం ఉందా సార్" అని వరసగా ఐదుగురు అడిగితే, ఆ జవాబు ప్రకటనలో లేదు. వెంటనే కలపండి. ఫోన్ చేసి ఇంటర్వ్యూకు రాకపోతే, ఫోన్‌లో మేనేజర్ చెప్పింది ప్రకటనకు కలవలేదన్నమాట. ఫోన్ పక్కనే ప్రకటన ప్రింట్ అంటించండి, అది చూసే మాట్లాడమనండి. చేరి నెల లోపల పోతే మాత్రం ప్రకటనలో రాసిన వేళలు, మీ హాజరు పుస్తకంలోని వేళలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా సాధారణంగా క్లోజింగ్ దగ్గర దొరుకుతుంది.

ఇంకో ప్రశ్న... "మాకు ఒక్కడే కెప్టెన్, ముగ్గురు లేరు, క్లోజింగ్ ఎట్ల పంచాలి" అంటున్నారు. అప్పుడు పంచలేం. వారంలో నాలుగు రాత్రులు కెప్టెన్, మిగిలిన రెండు డ్యూటీ రాత్రులు మీరో, మేనేజరో నిలబడాలి. ఆ రెండు రాత్రులూ ఏవో ఖాయం చేసుకుని, ప్రకటనలో రోజుల పేర్లతో రాయండి. మీరు నిలబడలేమంటే "ఆరు రాత్రులూ 11:30, మధ్యాహ్నం 12:30 నుంచి" అని వేళలనే జరపండి, ఉదయం బ్రీఫింగ్ ఒక సీనియర్ సర్వర్‌కు అప్పజెప్పండి. ఆ సర్వర్‌కు దానికి విడిగా ఎంతో కొంత ఇవ్వండి. ఏడాది తిరిగేసరికి మీకు రెండో కెప్టెన్ అతనే కావచ్చు, అప్పుడు ప్రకటనే అక్కర్లేదు.